హోస్టింగ్ కంపెనీ మార్పు: దరఖాస్తు విధానం, మెయిల్ పోకుండా చూసుకోవడం ఎలా

వెబ్‌సైటును ఒక హోస్టింగ్ కంపెనీ నుంచి మరో కంపెనీకి మార్చాలంటే పెట్టే దరఖాస్తును మైగ్రేషన్ రిక్వెస్ట్ అంటారు. దాన్ని కొత్త కంపెనీకి పెట్టాలి, పాత కంపెనీకి కాదు. కొత్త కంపెనీలో ఖాతా తెరిచి, ప్లాన్ కొన్న తర్వాత వాళ్ల సపోర్ట్ పేజీలో టికెట్ రూపంలో పెడతారు. చాలా కంపెనీలు మొదటి సైటును ఉచితంగానే మారుస్తాయి. బిల్లు సంస్థ పేరు మీద, జీఎస్‌టీ నంబరుతో రావాలంటే డబ్బు కట్టే ముందే ఆ వివరాలు ఖాతాలో నింపాలి.

డొమైన్ ట్రాన్స్‌ఫర్ దీనికి పూర్తిగా వేరే దరఖాస్తు. హోస్టింగ్ అంటే ఫైళ్లు, మెయిల్ ఉండే చోటు. డొమైన్ అంటే పేరు. పేరు ఎక్కడ కొన్నారో అక్కడే ఉంచి, చోటు మాత్రం మార్చుకోవచ్చు. రెండూ ఒకే వారంలో పెట్టుకోవద్దని నా గట్టి సలహా. ఏదైనా తేడా వస్తే కారణం ఎక్కడుందో తేలదు. డొమైన్ కూడా మార్చాలనుకుంటే సైటు కొత్త చోట కుదురుకున్నాక, పాత రిజిస్ట్రార్‌ను, అంటే పేరు అమ్మిన కంపెనీని, పేరు బదిలీకి కావాల్సిన ఆథ్ కోడ్ అడగండి. డాట్ కామ్ పేర్లకు, డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ నియమాల ప్రకారం అడిగిన 5 రోజుల్లో అది ఇవ్వాలి. కొత్తగా కొన్న పేరును మాత్రం మొదటి 60 రోజులు మార్చడం కుదరదు.

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ సంస్థను ఉదాహరణగా తీసుకుందాం. సైటు పేరు `example.com` అనుకోండి. వర్డ్‌ప్రెస్‌లో చేసిన సైటు, అందులో తెలుగులో ధరల పేజీలు, బస్తాల ఫొటోలు ఉన్నాయి. నాలుగు మెయిల్ ఖాతాలు కూడా పాత హోస్టింగ్‌లోనే ఉన్నాయి. ఎగుమతిదారుల ఆర్డర్లు, లారీ బిల్లులు అన్నీ ఆ మెయిల్లోకే వస్తాయి. సైటు అరగంట ఆగితే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఒక్క ఆర్డరు మెయిల్ పోతే మాత్రం నష్టమే.

దరఖాస్తు పెట్టే ముందు ఒక విషయం చూసుకోవాలి. డొమైన్ ఎవరి ఖాతాలో ఉంది? విజయవాడలో సైటు చేసిచ్చిన డిజైనర్ తన ఖాతాలోనే పేరు కొని ఉంటే, నేమ్‌సర్వర్లు, అంటే మీ పేరు ఏ ఐపీలో ఉందో చెప్పే సర్వర్లు, మార్చడానికి అతని సాయం తప్పనిసరి. ముందే అడిగి ఖాతాను మీ పేరు మీదకు మార్పించుకోండి. అలాగే డొమైన్ ఖాతాకు ఇచ్చిన మెయిల్ చిరునామా `sales@example.com` లాంటిది అయితే దాన్ని జీమెయిల్‌కు మార్చండి. లేకపోతే మెయిల్ ఆగిన రోజు, దాన్ని సరిచేయడానికి కావాల్సిన ఓటీపీ కూడా ఆ ఆగిన మెయిల్‌కే వెళ్తుంది.

దరఖాస్తులో ఏం రాయాలి

"మా సైటును మార్చండి" అని ఒక్క ముక్క రాస్తే వాళ్లు సైటు ఫైళ్లు, డేటాబేస్ మాత్రమే తెచ్చి పని అయిపోయిందంటారు. కాబట్టి కింది విధంగా రాయండి. అందులో సీప్యానెల్ అంటే హోస్టింగ్‌ను నడిపే కంట్రోల్ ప్యానెల్, ఫార్వర్డర్ అంటే ఒక చిరునామాకు వచ్చిన మెయిల్‌ను మరో చిరునామాకు పంపే అమరిక, డీఎన్ఎస్ అంటే డొమైన్ పేరు ఏ సర్వర్‌ను చూపించాలో చెప్పే వ్యవస్థ:

> మా పాత హోస్టింగ్ సీప్యానెల్ మీద ఉంది. ఖాతా మొత్తాన్ని మార్చాలి: వెబ్‌సైటు ఫైళ్లు, డేటాబేస్, నాలుగు మెయిల్ ఖాతాలు, వాటిలోని పాత మెయిల్స్, ఫార్వర్డర్లు. కాపీ పూర్తయ్యాక మాకు చెప్పండి. మేం పరీక్షించి సరే అన్న తర్వాతే డీఎన్ఎస్ మారుస్తాం. మీరు డీఎన్ఎస్ మార్చవద్దు.

రెండు వైపులా సీప్యానెల్ ఉంటే ఖాతా మొత్తాన్ని ఒకే బ్యాకప్‌గా తీసుకెళ్లవచ్చు. మెయిల్ పాస్‌వర్డ్‌లు, ఫార్వర్డర్లు కూడా దాంతోనే వస్తాయి. కొత్త చోట వేరే ప్యానెల్ ఉంటే మెయిల్ ఖాతాలను చేత్తో సృష్టించి, మెయిల్స్‌ను విడిగా కాపీ చేయాలి. ఫార్వర్డర్లను కూడా మళ్లీ రాసుకోవాలి. అందుకే ప్యానెల్ ఏదో కొనే ముందే అడగండి. పాత సీప్యానెల్ పాస్‌వర్డ్ ఇవ్వాల్సి వస్తే తాత్కాలిక పాస్‌వర్డ్ పెట్టి ఇవ్వండి. పని అయ్యాక మార్చేయండి. ఎవరు చేసిపెట్టినా సరే, పూర్తి బ్యాకప్ ఒకటి మీ సొంత కంప్యూటర్లోకి దించి పెట్టుకోండి.

కాపీ సరిగా వచ్చిందని ఎలా తెలుస్తుంది

కాపీ అయ్యాక కొత్త సర్వర్ ఐపీ నంబరు ఇస్తారు. అది `203.0.113.25` అనుకుందాం. ప్రపంచానికి పాత సైటే కనబడుతుండగా, మీ కంప్యూటర్లో మాత్రం కొత్తది చూడవచ్చు. విండోస్‌లో నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి `C:\Windows\System32\drivers\etc\hosts` ఫైలు చివర ఈ వరుస చేర్చండి:

```
203.0.113.25 example.com www.example.com
```

ఇప్పుడు బ్రౌజర్లో సైటు తెరిస్తే కొత్త సర్వర్ నుంచే వస్తుంది. సర్టిఫికెట్ గురించి హెచ్చరిక రావచ్చు, ఈ దశలో అది సహజం. డొమైన్ కొత్త సర్వర్‌ను చూపించాకే కొత్త సర్టిఫికెట్ మామూలుగా జారీ అవుతుంది.

మొదటి పేజీ చూసి ఊరుకోవద్దు. లోపలి పేజీలు, ఫొటోలు, పీడీఎఫ్‌లు తెరవండి. తెలుగు పేజీలను ప్రత్యేకంగా చూడండి. అక్షరాల చోట `à°` లాంటి గుర్తులు వరుసగా కనబడితే చాలాసార్లు డేటా క్షేమంగానే ఉంటుంది, దాన్ని తప్పు అక్షర పద్ధతిలో చదువుతున్నారు. సపోర్ట్ వాళ్లకు చెబితే సరిచేస్తారు. డేటాబేస్‌లోనే `????` ఉంటే మాత్రం కాపీలో తెలుగు అక్షరాలు పోయినట్టే. అక్కడ సరిచేయడానికి ఏమీ మిగలదు, `utf8mb4` పద్ధతిలో పాత సర్వర్ నుంచి మళ్లీ ఎగుమతి చేయమనాలి. పాత సర్వర్ ఇంకా నడుస్తుండగానే ఈ పరీక్ష చేయడం అందుకే ముఖ్యం.

పరీక్ష అయ్యాక ఆ వరుస తీసేయండి. కాపీ తీసినప్పటి నుంచి డీఎన్ఎస్ మారేదాకా పాత సైటులో కొత్త ధరలు ఎక్కించవద్దు. ఎక్కిస్తే అవి పాత డేటాబేస్‌లోనే ఉండిపోతాయి.

డీఎన్ఎస్ మార్పు: మెయిల్ పోయేది ఇక్కడే

డొమైన్ డీఎన్ఎస్ రికార్డులన్నీ ఉండే జాబితాను జోన్ అంటారు. అందులో `A` రికార్డు సైటు ఐపీని, `MX` రికార్డు మెయిల్ వెళ్లే సర్వర్‌ను చెబుతాయి. ముందు మెయిల్ ఎటు వెళ్తోందో కమాండ్ ప్రాంప్ట్‌లో చూడండి:

```
nslookup -type=mx example.com
```

సీప్యానెల్ మామూలు అమరికలో జవాబుగా `example.com` అనే వస్తుంది. అంటే సైటు ఏ ఐపీలో ఉంటే మెయిల్ కూడా అక్కడికే వెళ్తుంది. సైటు ఐపీ ఒక్కటే మారుస్తున్నాం, మెయిల్ జోలికి పోవడం లేదని అనుకునేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. `A` రికార్డు మారగానే మెయిల్ కూడా కొత్త సర్వర్‌కు వస్తుంది. అక్కడ ఖాతాలు లేకపోతే పంపినవాళ్లకు తిరిగి వెళ్తుంది. కాబట్టి నాలుగు ఖాతాలూ కొత్త చోట సిద్ధమయ్యాకే డీఎన్ఎస్ ముట్టుకోవాలి. మెయిల్ గూగుల్ లాంటి వేరే చోట ఉంటే, పాత జోన్‌లోని `MX` రికార్డులతో పాటు `TXT` రికార్డులను కూడా ఉన్నవి ఉన్నట్టు కొత్త జోన్‌లోకి ఎక్కించాలి.

మార్పు శుక్రవారం సాయంత్రం పెట్టుకోవడం మన ఉదాహరణ సంస్థకు అనుకూలం. శని, ఆదివారాలు యార్డుకు సెలవు, మెయిల్ తక్కువ. ముందు రోజు గురువారమే పాత జోన్‌లో `A`, `MX` రికార్డుల టీటీఎల్‌ను 14400 నుంచి 300కు తగ్గించండి. టీటీఎల్ అంటే ఇతర సర్వర్లు పాత జవాబును ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవచ్చో చెప్పే సంఖ్య. 14400 అంటే 4 గంటలు, 300 అంటే 5 నిమిషాలు.

నేమ్‌సర్వర్లు కూడా మారుస్తుంటే టీటీఎల్ తగ్గించడం ఒక్కటే సరిపోదు. డాట్ కామ్ పేర్లకు నేమ్‌సర్వర్ల సమాచారం 2 రోజుల దాకా గుర్తుండిపోతుంది, అది మీ చేతిలో లేదు. ఆ 2 రోజులూ కొందరు పాత నేమ్‌సర్వర్‌ను, కొందరు కొత్తదాన్ని అడుగుతారు. ఎవరిని అడిగినా ఒకే జవాబు వచ్చేలా చేయడమే దీనికి మందు. శుక్రవారం సాయంత్రం ముందుగా పాత జోన్‌లోనే `A` రికార్డును కొత్త ఐపీకి మార్చండి. `mail` పేరుకు విడిగా రికార్డు ఉంటే దాన్ని కూడా మార్చండి. ఆ తర్వాత రిజిస్ట్రార్ దగ్గర నేమ్‌సర్వర్లు మార్చండి. డీఎన్ఎస్ జవాబులు అసలైనవేనని సంతకంతో రుజువు చేసే డీఎన్ఎస్ఎస్ఈసీ ఆన్‌లో ఉంటే నేమ్‌సర్వర్లు మార్చడానికి ముందు రోజే దాన్ని ఆపాలి, లేకపోతే చాలామందికి సైటు అసలు తెరుచుకోదు.

మారే ముందు ఒక పని, మారిన తర్వాత మిగతావి

ఆఫీసు కంప్యూటర్లలో ఔట్‌లుక్ ఐమ్యాప్ పద్ధతిలో ఉంటే, డీఎన్ఎస్ మార్చడానికి ముందే ప్రతి ఖాతానూ పీఎస్‌టీ ఫైలుగా ఎగుమతి చేసి పెట్టండి. ఐమ్యాప్‌లో ఔట్‌లుక్ సర్వర్‌లో ఉన్నదే చూపిస్తుంది. కొత్త సర్వర్‌లో పెట్టె ఖాళీగా ఉంటే, కంప్యూటర్లో కనబడుతున్న పాత మెయిల్స్ కూడా మాయమవుతాయి.

మొదటి కాపీకి, శుక్రవారం మార్పుకు మధ్య వచ్చిన మెయిల్స్ పాత సర్వర్‌లోనే ఉంటాయి. వాటి కోసం శనివారం, మళ్లీ సోమవారం రెండో కాపీ చేయించాలి. `imapsync` అనే ప్రోగ్రాం ముందే వచ్చినవాటిని వదిలి కొత్తవి మాత్రమే తెస్తుంది. ఈ దశలో పాత సర్వర్‌ను మీ డొమైన్ పేరుతో పిలిస్తే కొత్తదే పలుకుతుంది. అందుకే పాత కంపెనీ మొదట్లో పంపిన వెల్‌కమ్ మెయిల్‌లో ఉండే సర్వర్ సొంత పేరు రాసి పెట్టుకోండి. పాత వెబ్‌మెయిల్ తెరవడానికీ అదే కావాలి.

అంతా బాగుందనుకున్నాక కూడా ఒక దారిలో మెయిల్ పోతుంది, చాలామందికి ఇది తెలియదు. పాత సర్వర్ `example.com` ఇంకా తనదేననుకుంటుంది. అదే సర్వర్‌లో సైటు ఉన్న ఇంకో వ్యాపారి మీకు మెయిల్ పంపితే అది బయటికి రాకుండా మీ పాత పెట్టెలోనే పడుతుంది. జీమెయిల్ నుంచి వచ్చేవి బాగానే అందుతూ, ఒకరిద్దరివి మాత్రమే అందకపోతే కారణం చాలావరకు ఇదే. పాత సీప్యానెల్‌లో Email Routing తెరిచి Remote Mail Exchanger ఎంచుకుంటే ఆగుతుంది. మెయిల్‌ను గూగుల్‌లో ఉంచి సైటును మాత్రమే మార్చినవాళ్లకు ఇదే సమస్య కొత్త సర్వర్‌లో వస్తుంది. సైటులోని కాంటాక్ట్ ఫారం నుంచి వచ్చే మెయిల్స్ అందవు. అక్కడ కూడా ఇదే సెట్టింగ్ పెట్టాలి.

పాత హోస్టింగ్ రద్దు దరఖాస్తు

కనీసం 2 వారాలు పాత ఖాతాను ఉంచండి. పాత వెబ్‌మెయిల్‌లో వారం రోజులుగా కొత్త మెయిల్ ఒక్కటీ పడలేదని చూశాకే రద్దుకు రాయండి. ఆటో రెన్యువల్ ఆపండి, కార్డు లేదా యూపీఐ మ్యాండేట్ ఇచ్చి ఉంటే అది కూడా రద్దు చేయండి. డొమైన్ కూడా అదే ఖాతాలో ఉంటే "ఖాతా మూసేయండి" అని రాయవద్దు. హోస్టింగ్ ప్లాన్ పేరు స్పష్టంగా రాసి, అది మాత్రమే రద్దు చేయాలని, డొమైన్ కొనసాగాలని అదే టికెట్‌లో అడగండి.