కింద కుళాయి తిప్పితే మేడ మీద షవరు ఆగిపోతోందా?

సమస్య

కావలి, కందుకూరు వైపు రెండంతస్తుల ఇళ్ళలో తరచూ వినే ఫిర్యాదు ఇది. కింద వంటింట్లో, బాత్‌రూమ్‌లో కుళాయిలు తిప్పగానే మేడ మీద షవరు ధార సన్నబడి చుక్కలుగా రాలుతుంది. కింద కట్టేస్తే మళ్ళీ వస్తుంది.

ముందు మేడ మీద 15 లీటర్ల బకెట్ పెట్టి, ఎంతసేపట్లో నిండుతుందో చూడండి. ఒకసారి కింద అన్నీ కట్టేసి, ఇంకోసారి కింద రెండు కుళాయిలు వదిలి చూడాలి. మొదటిసారే నెమ్మదిగా నిండితే పైపు జోలికి పోకండి. గేట్ వాల్వు సగమే తెరిచి ఉందేమో, కుళాయిలో ఉప్పు పట్టిందేమో చూడండి. రెండోసారి మాత్రమే ధార పడిపోతే తప్పు ట్యాంకు నుంచి రెండంతస్తులకీ కలిపి వచ్చే ఉమ్మడి పైపుదే.

కారణం

స్టాండు మీద ఉన్న ట్యాంకు అడుగు నుంచి మేడ మీది షవరుకి ఎత్తు తేడా ఏడడుగులే. నీటికి ఉన్న బలమంతా అదే. ముప్పావు అంగుళం పైపులో కింది కుళాయిలు, షవరు కలిపి నిమిషానికి 30 లీటర్లు లాగితే, మలుపులతో కలిపి 25 అడుగుల పొడవులో ఆరడుగుల బలం రాపిడికే పోతుంది. షవరుకి మిగిలేది అడుగు. కింది అంతస్తుకి మాత్రం పది అడుగులు అదనంగా ఉంటాయి కాబట్టి అక్కడ లోటు తెలియదు.

లెక్క

నీళ్ళు వాడే ఒక్కో అమరిక ఎంత నీరు లాగవచ్చో చెప్పే కొలత ఫిక్స్చర్ యూనిట్. ఫ్లష్ ట్యాంకు, వాష్ బేసిన్, షవరు ఉన్న ఒక్కో బాత్‌రూమ్‌కి 3.6 ఫిక్స్చర్ యూనిట్లు, వంటింటి సింకుకి 1.4, వాషింగ్ మెషిన్‌కి 1.4 వేసుకోండి. మేడ మీద రెండు బాత్‌రూమ్‌లుంటే 7.2 యూనిట్లు. యూనిట్లను లీటర్లుగా మార్చే ప్లంబింగ్ పట్టిక ప్రకారం అది నిమిషానికి 45 లీటర్లు. కింద ఒక బాత్‌రూమ్, సింకు, మెషిన్ కలిపి 6.4 యూనిట్లు, అంటే 42 లీటర్లు. ఇంటి మొత్తానికి మాత్రం 87 కాదు, 64 లీటర్లే. అన్నీ ఒకేసారి తిప్పరు కదా! అందుకే లీటర్లు కాదు, యూనిట్లు కూడాలి.

పరిష్కారం

ట్యాంకు దగ్గర నుంచే రెండు లైన్లు విడదీయండి. కింది లైనుకి అంగుళం సీపీవీసీ చాలు. మేడ లైనుకి అంగుళంపావు వేయండి. దూరం తక్కువ కాబట్టి సన్నపైపు చాలనుకోవడమే ఇక్కడ జరిగే పొరపాటు. అంగుళం పైపులో 45 లీటర్లు పారితే మలుపులతో కలిపి 33 అడుగులకి ఐదడుగుల బలం పోతుంది. అంగుళంపావులో పోయేది రెండడుగుల లోపే. ఒక్కో లైను మొదట్లో బాల్ వాల్వు, దాని తర్వాత ట్యాంకు మట్టం కన్నా పైకి లేచే గాలి పైపు పెట్టించండి. లేకపోతే ట్యాంకు ఖాళీ అయి నిండినప్పుడల్లా గాలి ఇరుక్కుంటుంది.

ట్యాంకు స్టాండు లేకుండా స్లాబు మీదే కూర్చుంటే షవరుకి ఉన్న ఎత్తే నాలుగడుగులు. అప్పుడు ఎంత లావు పైపు వేసినా అంతకు మించి బలం రాదు. ట్యాంకు ఎత్తు పెంచాలి, లేదా మేడ లైనుకి మాత్రం ప్రెషర్ పంపు పెట్టాలి.