బాండు లెక్కలు, ఐదో పాఠం: ఒక బేసిస్ పాయింటుకు ఎన్ని డాలర్లు?

క్రితం పాఠం చివర ఒక లెక్క ఇచ్చి వదిలేశాను. కొత్తగా జారీ అయిన పదేళ్ల అమెరికా ట్రెజరీ బాండు ఒకటుంది. కూపన్ 4.5 శాతం, వడ్డీ ఆరు నెలలకోసారి. మార్కెట్లో యీల్డ్ కూడా 4.5 శాతమే కాబట్టి ధర సరిగ్గా 100. యీల్డ్ 4.51కి పెరిగితే ధర ఎంతవుతుంది, 4.49కి తగ్గితే ఎంతవుతుంది అన్నది ప్రశ్న. ఎక్సెల్‌లో ఈ రెండు వరుసలు కొడితే చాలు:

```
=-PV(0.0451/2, 20, 2.25, 100)
=-PV(0.0449/2, 20, 2.25, 100)
```

మొదటిదానికి 99.92022, రెండోదానికి 100.07986 వస్తాయి. రెండింటి తేడాలో సగం 0.07982. అంటే యీల్డ్ ఒక బేసిస్ పాయింటు, అంటే శాతంలో నూరో వంతు, కదిలితే ప్రతి 100 డాలర్ల ముఖవిలువకు దాదాపు ఎనిమిది సెంట్లు అటో ఇటో అవుతాయి. ఒకవైపే చూస్తే సరిపోదా అని అడగొచ్చు. పెరిగినప్పుడు పోయేది 0.07978, తగ్గినప్పుడు వచ్చేది 0.07986. ధర గీత వంపుగా ఉంటుంది కాబట్టి ఆ కాస్త తేడా. రెండు వైపులా జరిపి సగం తీసుకుంటే ఆ వంపు ప్రభావం పోతుంది.

ఇప్పుడు దీన్ని మన దగ్గరున్న సరుక్కి అన్వయిద్దాం. మన పుస్తకంలో, అంటే మన చేతిలో ఉన్న బాండ్ల ఖాతాలో, ఈ బాండు కోటి డాలర్ల ముఖవిలువకు ఉందనుకోండి. 0.07982ని 100తో భాగించి కోటితో గుణిస్తే 7,982 డాలర్లు. దీన్నే డీవీ01 అంటారు, స్క్రీన్ మీద DV01 అని కనిపిస్తుంది. ముంబై డీలర్లు రూపాయి బాండ్లకు పీవీ01 అంటారు, లెక్క మాత్రం ఒకటే. న్యూయార్క్‌లో ట్రెజరీ ధరలను డాలరులో ముప్పై రెండో వంతుల్లో చెబుతారు. కోటి డాలర్ల మీద అలాంటి ఒక వంతు 3,125 డాలర్లు. అంటే పదేళ్ల బాండులో ఒక బేసిస్ పాయింటు రెండున్నర వంతులకు కొంచెం ఎక్కువ. ఈ పోలిక గుర్తుంటే, ఎవరైనా తప్పుడు అంకె చెప్పినప్పుడు కాగితం తీయకుండానే పట్టేయొచ్చు.

డ్యూరేషన్ నుంచి కూడా ఇదే రాబట్టొచ్చు. నాలుగో పాఠంలో ఈ బాండు మాడిఫైడ్ డ్యూరేషన్, అంటే యీల్డ్ ఒక శాతం కదిలితే ధర దాదాపు ఎన్ని శాతం కదులుతుందో చెప్పే అంకె, 7.982 అని చూశాం. దాన్ని మార్కెట్ విలువతో, 0.0001తో గుణిస్తే అదే 7,982. కాకపోతే ఒక మెలిక ఉంది. ఇక్కడ మార్కెట్ విలువ అంటే పోగైన వడ్డీ కూడా కలిపిన పూర్తి ధర. మన బాండు కొత్తది, ధర 100, కాబట్టి ఏం తీసుకున్నా ఒకటే అనిపిస్తుంది. కూపన్ తేదీకి నెల ముందున్న పాత బాండుకు ఉత్త కోట్ ధరతో గుణిస్తే మాత్రం డీవీ01 తక్కువగా వస్తుంది. అందుకే నేను ఎప్పుడూ యీల్డ్‌ను అటూ ఇటూ జరిపి ధరల తేడా తీసే పద్ధతే వాడతాను. పోగైన వడ్డీ రెండు ధరల్లోనూ సమానంగా ఉండి, తీసివేతలో దానంతట అదే పోతుంది.

ఇక హెడ్జ్. ఈ పదేళ్ల బాండును కొన్నాళ్లు అమ్మలేం, అమ్మదలచుకోలేదు, కానీ వడ్డీ రేట్లు పెరుగుతాయని భయం ఉంది. అప్పుడు వేరే బాండు ఒకటి షార్ట్ చేస్తాం. మన దగ్గర లేని బాండును అమ్మాలంటే ముందు దాన్ని రివర్స్ రెపోలో తెచ్చుకోవాలి. అంటే నగదు అప్పుగా ఇచ్చి, బాండు తాకట్టుగా తీసుకుని, ఆ బాండునే కొన్నవాడికి అప్పజెప్పాలి. ఆ బాండుకు గిరాకీ బాగా ఉంటే మన నగదు మీద వచ్చే రెపో వడ్డీ పడిపోతుంది. అలాంటి బాండు ‘స్పెషల్’లో ఉంది అంటారు. హెడ్జ్‌కయ్యే ఈ రోజువారీ ఖర్చు డీవీ01లో ఎక్కడా కనిపించదు.

షార్ట్ చేయడానికి ఐదేళ్ల ట్రెజరీ తీసుకుందాం. కూపన్ 4 శాతం, యీల్డ్ 4 శాతం, ధర 100. పై సూత్రంలోనే 4.01, 3.99 పెట్టి, 20 బదులు 10 విడతలు, 2.25 బదులు 2 వేయండి. 99.95510, 100.04492 వస్తాయి. తేడాలో సగం 0.04491. కోటి డాలర్లకు 4,491.

కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు ఇక్కడే. కోటి కొన్నాం కాబట్టి కోటి అమ్ముదాం అనుకుంటారు. రెండు బాండ్ల యీల్డ్ 10 బేసిస్ పాయింట్లు పెరిగిందనుకోండి. పదేళ్ల బాండులో దాదాపు 79,400 పోతే, ఐదేళ్ల షార్ట్‌లో వచ్చేది 44,800. ముఖవిలువలు సమానమైనా 34,600 డాలర్ల నష్టం మిగిలింది. సమానం చేయాల్సింది డీవీ01లను. 7,982ని 4,491తో భాగిస్తే 1.777. అంటే ఐదేళ్ల బాండు 1.777 కోట్లు షార్ట్ చేయాలి. ఖచ్చితంగా ఆ మొత్తానికే ఎవరూ ట్రేడ్ వేయరు కాబట్టి 1.78 కోట్లు అనుకుందాం. దాని డీవీ01 7,994. మన రెండు కాళ్లకు, అంటే కొన్న బాండుకూ షార్ట్ చేసిన బాండుకూ, మధ్య తేడా బేసిస్ పాయింటుకు 12 డాలర్ల చిల్లర. ఇప్పుడు రెండు యీల్డ్‌లూ 10 పాయింట్లు పెరిగితే చివరికి 300 డాలర్ల లాభం తేలుతుంది. అందులో 126 ఆ చిల్లర నుంచి వచ్చింది. మిగతాది పదేళ్ల బాండుకు వంపు ఎక్కువ కావడం వల్ల.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. హైదరాబాద్‌లో కూర్చుని న్యూయార్క్ డెస్క్‌కు రిస్క్ రిపోర్టు పంపే పనిలో కొత్తగా చేరిన రోజులవి. ఒక రాత్రి హెడ్జ్ చేసిన పుస్తకానికి నికర డీవీ01 దాదాపు 16,000 అని వచ్చింది. గంటసేపు టెన్షన్. తీరా చూస్తే రెండు షీట్లకు గుర్తుల ఆనవాయితీ వేరు. ఒకదాంట్లో డీవీ01 అంటే యీల్డ్ తగ్గితే వచ్చే లాభం, కాబట్టి లాంగ్‌కు, అంటే కొని ఉంచుకున్న బాండుకు, ప్లస్. రెండోదాంట్లో యీల్డ్ పెరిగితే జరిగే మార్పు, కాబట్టి షార్ట్‌కు ప్లస్. ఒకదాన్ని కొట్టేయాల్సిన రెండోది పోయి దానికే కలిసింది. నికరం దాదాపు సున్నా రావాల్సిన చోట ఒక కాలికి రెట్టింపు అంకె కనిపిస్తే, ముందు మార్కెట్‌ను కాదు, గుర్తులను అనుమానించండి.

ఇంతవరకూ రెండు యీల్డ్‌లూ సమానంగా కదులుతాయనే అనుకున్నాం. డీవీ01 హెడ్జ్‌లో ఉన్న పెద్ద ఊహ అదే, అది తరచూ తప్పుతుంది కూడా. పదేళ్ల యీల్డ్ 10 పాయింట్లు పెరిగి, ఐదేళ్లది 6 మాత్రమే పెరిగిందనుకోండి. పదేళ్ల బాండులో 79,400 పోతుంది. 1.78 కోట్ల ఐదేళ్ల షార్ట్‌లో వచ్చేది 47,900 మాత్రమే. నష్టం 31,500 డాలర్లు. హెడ్జ్ సరిగ్గా వేసుకున్నా, కోటికి కోటి వేసినవాడు ఇందాక పోగొట్టుకున్నదానికి దగ్గరగా మనమూ పోగొట్టుకున్నాం. లెక్కలో తప్పేమీ లేదు. రేట్లు పెరుగుతాయా తగ్గుతాయా అన్న పందెం తీసేసి, పదేళ్లకూ ఐదేళ్లకూ మధ్య ఎడం పెరుగుతుందా తగ్గుతుందా అన్న పందెంలోకి దిగాం, అంతే. మొదట మన ఎడం 50 పాయింట్లు. అది 54 అయింది, ఆ నాలుగు పాయింట్లకు ఒక్కోదానికి దాదాపు 8,000 కట్టాం. ఎడం తగ్గి ఉంటే అంతే వచ్చేది.

దీనికి కొందరు బీటా కడతారు. గడిచిన కొన్ని నెలల రోజువారీ మార్పులు తీసుకుని, పదేళ్లది ఒక పాయింటు కదిలితే ఐదేళ్లది సగటున ఎంత కదిలిందో చూస్తారు. అది 0.8 అని వస్తే 1.777ను 0.8తో భాగించి, 2.22 కోట్లు షార్ట్ చేస్తారు. నాకు ఈ పద్ధతి మీద కొంచెం అపనమ్మకమే. దీర్ఘకాలపు బాండ్ల సరఫరా గురించి కంగారు పుట్టినప్పుడు పదేళ్లది ముందుంటుంది. ఫెడరల్ రిజర్వ్ తర్వాత ఏం చేస్తుందన్న లెక్కలు మారితే ఐదేళ్లదే ఎక్కువ ఊగొచ్చు. ఒక కాలంలో కట్టిన బీటాను ఇంకో కాలంలో వాడితే హెడ్జ్ మించిపోయి, అదే కొత్త పందెం అవుతుంది. వీలుంటే పదేళ్లకు దగ్గరి గడువున్న బాండుతో హెడ్జ్ చేయడం మేలు. అప్పుడు బీటా ఒకటికి దగ్గరగా ఉంటుంది, ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది.

ఇంకొకటి, నెమ్మదిగా దెబ్బ కొట్టేది. యీల్డ్‌లు అసలు కదలకుండా ఏడాది గడిచిందనుకోండి. పదేళ్ల బాండు తొమ్మిదేళ్లదై, కోటికి డీవీ01 7,334కు దిగుతుంది. ఐదేళ్లది నాలుగేళ్లదై 3,663కు దిగుతుంది. నిష్పత్తి 1.777 నుంచి 2.002కు చేరింది. మీరు మాత్రం ఇంకా 1.78 కోట్లే షార్ట్‌లో ఉన్నారు, దాని డీవీ01 6,520. బేసిస్ పాయింటుకు 814 డాలర్ల లాంగ్ మీకు తెలియకుండానే తెరుచుకుంది. పదేళ్లలో ఒక ఏడాది పోతే పదో వంతు, ఐదేళ్లలో పోతే ఐదో వంతు. చిన్న బాండు తొందరగా అరుగుతుంది. నేనైతే వారానికోసారి తిరిగి లెక్క వేస్తాను. రేట్లు ఒక్కరోజులో బాగా కదిలితే అదే సాయంత్రం వేస్తాను.

వచ్చే పాఠానికి ఇంటిపని. ఇదే పదేళ్ల బాండును ఐదేళ్లదానితో కాకుండా రెండేళ్ల ట్రెజరీతో హెడ్జ్ చేయండి. కూపన్ 4, యీల్డ్ 4, ధర 100. ఎన్ని కోట్లు షార్ట్ చేయాలి? 4.2 కోట్ల దగ్గర్లో వస్తే సరిగ్గా చేసినట్టే. తర్వాత పదేళ్ల యీల్డ్‌ను 10 పాయింట్లు పెంచి, రెండేళ్లదాన్ని అసలు కదపకుండా ఉంచి లాభనష్టం తీయండి. ఆ అంకెను, ఐదేళ్లది 6 పాయింట్లు పెరిగినప్పుడు మనకొచ్చిన 31,500 నష్టం పక్కన రాసి పెట్టుకోండి. రెండేళ్ల, పదేళ్ల బాండ్లను కలిపి ఐదేళ్లదాన్ని హెడ్జ్ చేసే మూడు కాళ్ల లెక్కను అక్కడి నుంచే మొదలుపెడతాం.