హైదరాబాద్ ఖాజాగూడ గుట్టల్లో రాయిని చదివే చిట్కా

ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుండే ఆ గుండ్లు ఎక్కడి నుంచో దొర్లివచ్చినవి కావు, అక్కడే తయారయ్యాయి. ఈసారి వెళ్తే గుండు పక్కన తవ్విన చోట కాస్త మొరం చేతిలోకి తీసుకుని నలపండి. గాజులా మెరిసే గట్టి రేణువులు క్వార్ట్జ్. తెల్లగా పిండయ్యేది ఫెల్‌స్పార్, అది నీటితో కలిసి బంకమట్టిగా మారుతోంది.

సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట భూగర్భంలో చల్లబడిన శిలాద్రవమే ఈ గ్రానైట్. పైపొరలు అరిగి బరువు తగ్గాక అడ్డంగా, నిలువుగా పగుళ్లిచ్చింది. నీరు పగుళ్లలో దిగి దిమ్మెల మూలలను ముందు తినేస్తుంది, ఎందుకంటే అక్కడ మూడు వైపుల నుంచీ దాడి. అలా పొడైన రాయే మొరం, అది కొట్టుకుపోయాక మిగిలేది గుండు.

ఆ ఇసుక, మట్టి వాగుల్లో చేరి ఎక్కడో పొరలుగా పేరుకుంటే అవక్షేప శిల. అది లోతుకు దిగి వేడికీ ఒత్తిడికీ మారితే రూపాంతర శిల, కరిగితే మళ్లీ శిలాద్రవమే.

తాండూరు వైపు వెళ్తే గుండ్లు వెతక్కండి. అక్కడిది సున్నపురాయి, పొరలు దాదాపు అడ్డంగా పరుచుకున్నాయి. అందుకే నేల చదును, రాయి కూడా పలకలుగా ఊడొస్తుంది. మన ఇళ్లలో పరిచే నాపరాయి అదే.