.com డొమైన్‌కి రిజిస్ట్రీ లాక్: దరఖాస్తు విధానం, దానికి ముందు సరిచేసుకోవాల్సినవి

ఇది .com డొమైన్ మీద వ్యాపార మెయిల్ నడుపుకునే వాళ్ల కోసం. చిత్తూరు దగ్గర ఒక మామిడి పల్ప్ ఫ్యాక్టరీ ఉందనుకుందాం. తోతాపురి పల్ప్‌ని డ్రమ్ముల్లో నింపి విదేశాలకు పంపుతారు. ఇన్‌వాయిస్‌లన్నీ accounts@example.com నుంచి వెళ్తాయి. ఇలాంటి చోట దొంగ మన వెబ్‌సైట్ జోలికే పోడు. మెయిళ్లు ఎక్కడికి చేరాలో చెప్పే MX రికార్డు ఒక్కటి డొమైన్‌లో మార్చి, కొనుగోలుదారు మెయిళ్లు తన దగ్గరికి వచ్చేలా చేసుకుంటాడు. అదే అడ్రస్ నుంచి "మా బ్యాంకు ఖాతా మారింది" అని జవాబు ఇస్తాడు. సైట్ మామూలుగానే తెరుచుకుంటుంది కాబట్టి ఆఫీసులో ఎవరికీ అనుమానం రాదు. మెయిళ్లు రావడం ఒక్కసారిగా తగ్గిపోవడమే తొలి గుర్తు. సీజన్ మధ్యలో అలా జరిగితే తేలిగ్గా తీసుకోకూడదు.

డొమైన్ మనం ఎవరి దగ్గర కొన్నామో వాళ్లు రిజిస్ట్రార్. మొత్తం .com పట్టికను నడిపే వెరిసైన్ సంస్థ రిజిస్ట్రీ. డొమైన్‌ను ఎవరూ లాగేసుకోకుండా వేసే రిజిస్ట్రీ లాక్ పడేది వెరిసైన్ దగ్గరే, కానీ దరఖాస్తు మాత్రం మన రిజిస్ట్రార్ ద్వారానే వెళ్లాలి.

ముందు డొమైన్ ఎవరి పేరున ఉందో చూడండి

మన ఊళ్లలో అసలు చిక్కు ఇక్కడే. సైట్ చేసిన అబ్బాయి తన పేరుతో, తన జీమెయిల్‌తో డొమైన్ కొనేసి ఉంటాడు. ఏటా డబ్బు మనం కడుతున్నా కాగితం మీద యజమాని అతనే. అతని మెయిల్ ఎవరి చేతికైనా చిక్కితే మన డొమైన్ కూడా చిక్కినట్టే.

lookup.icann.org లో డొమైన్ పేరు కొడితే రిజిస్ట్రార్ ఎవరో, గడువు ఎప్పుడో, ఏ లాకులు ఉన్నాయో కనిపిస్తాయి. యజమాని వివరాలు ఎక్కువసార్లు దాచి ఉంటాయి. అవి రిజిస్ట్రార్ ఖాతాలోకి వెళ్లి చూడాల్సిందే. అక్కడ Registrant అన్న చోట ఆర్గనైజేషన్ గడిలో ఫ్యాక్టరీ పేరు జీఎస్టీ సర్టిఫికెట్‌లో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఆ గడి నిండి ఉంటే డొమైన్ ఆ సంస్థదే అని లెక్క. రేపు వివాదం వచ్చి రిజిస్ట్రార్ రుజువు అడిగితే చూపించేది ఆ సర్టిఫికెట్టే.

ఇక రిజిస్ట్రార్ ఖాతాలో ఇచ్చే మెయిల్. పాస్‌వర్డ్ మార్చే లింకు, డొమైన్ బదిలీ నోటీసు అన్నీ దీనికే వస్తాయి. చాలామంది ఇక్కడ owner@example.com అని అదే డొమైన్ మీది మెయిల్ ఇస్తారు. డొమైన్ పోయిన రోజు ఆ మెయిల్ కూడా పోతుంది, లేదా దొంగ చేతిలో ఉంటుంది. కాబట్టి వేరే చోట ఒక మెయిల్ తెరిచి దీనికి మాత్రమే వాడండి. విజిటింగ్ కార్డు మీద, ఎగ్జిబిషన్ ఫారాల్లో అది ఎక్కకూడదు.

పాత పేరు నుంచి కొత్త పేరుకు మార్చేటప్పుడు ఇద్దరి అంగీకారం కావాలి. సాధారణంగా పాత మెయిల్‌కీ కొత్త మెయిల్‌కీ నిర్ధారణ లింకులు వెళ్తాయి. అందుకే సైట్ చేసిన అబ్బాయితో మాటలు బాగున్నప్పుడే ఈ పని చేసుకోవడం మంచిది. కొత్త మెయిల్‌కి వచ్చే ధృవీకరణ లింకును 15 రోజుల్లోగా నొక్కకపోతే డొమైన్ నిలిపివేస్తారు. పేరు లేదా మెయిల్ మారాక చాలా రిజిస్ట్రార్ల దగ్గర 60 రోజులు వేరే రిజిస్ట్రార్‌కి మారడం కుదరదు. ఈ 60 రోజుల సంగతి గుర్తుంచుకోండి, కింద మళ్లీ అవసరం పడుతుంది.

ఖాతాకు రెండంచెల లాగిన్

రిజిస్ట్రార్ ఖాతా సెట్టింగ్స్‌లో టూ-ఫ్యాక్టర్ ఆన్ చేయండి. ఎస్సెమ్మెస్ ఓటీపీ కంటే ఆథెంటికేటర్ యాప్ మేలు, సెక్యూరిటీ కీ ఇంకా మేలు. మన నంబరు మీద ఎవరైనా డూప్లికేట్ సిమ్ తీసుకుంటే ఓటీపీ వాళ్లకే పోతుంది. బ్యాకప్ కోడ్‌లు ప్రింట్ తీసి జీఎస్టీ ఫైల్ ఉన్న బీరువాలో పెట్టండి. ఫోన్ పోయినప్పుడు అవే దిక్కు. పైన చెప్పిన మెయిల్‌కి కూడా ఇదే భద్రత పెట్టాలి. లేకపోతే దొంగ ముందు మెయిల్‌లోకి దూరి, అక్కడి నుంచి ఖాతాలోకి వస్తాడు.

రిజిస్ట్రీ లాక్ దరఖాస్తు

ఖాతాలో ఒక స్విచ్‌తో పడే మామూలు లాక్ clientTransferProhibited. ఖాతాలోకి వచ్చినవాడు దాన్ని అదే స్విచ్‌తో తీసేయగలడు. రిజిస్ట్రీ లాక్‌ని అలా స్క్రీన్ మీద తీయడం కుదరదు, మనుషులు ఫోన్‌లో మాట్లాడి తేల్చుకోవాలి. 2013 ఆగస్టులో ఒక రిజిస్ట్రార్ తాలూకు రీసెల్లర్ లాగిన్ దొంగిలించి nytimes.com ను దారి మళ్లించారు. అదే రిజిస్ట్రార్ దగ్గరున్న twitter.com మాత్రం దారి మళ్లలేదు, దానికి రిజిస్ట్రీ లాక్ ఉంది.

రిజిస్ట్రార్ సపోర్ట్‌కి రాసి ఈ సేవ ఇస్తారా అని అడగండి. చవగ్గా అమ్మే చాలామంది దగ్గర ఉండదు. అలాంటప్పుడు ఇచ్చేవాళ్ల దగ్గరికి డొమైన్‌ను మార్చుకోవాలి. పేరు ఇప్పుడే మార్చి ఉంటే ఆ 60 రోజులు అడ్డుపడతాయి కాబట్టి ఏది ముందో ఆలోచించుకోండి. నన్నడిగితే, సైట్ చేసిన అబ్బాయి సహకరిస్తున్నంతసేపు పేరు మార్పే ముందు.

దరఖాస్తులో సంస్థ రుజువు, లాక్ వేయమనీ తీయమనీ చెప్పే అధికారం ఉన్న వ్యక్తుల పేర్లు, వాళ్ల ఫోన్ నంబర్లు, ఒక రహస్య వాక్యం అడుగుతారు. ఇద్దరి పేర్లు ఇవ్వండి, యజమాని ఒకరు, అకౌంట్స్ చూసేవారు ఒకరు. ఒకరు ఊళ్లో లేకపోతే పని ఆగకూడదు. రుసుము మామూలు రెన్యూవల్‌కి చాలా రెట్లు ఉంటుంది. తిరుపతిలో ఫోన్ మీదే గదులు ఇచ్చే చిన్న లాడ్జికి ఇది దండగ ఖర్చు, పై రెండు పనులు చాలు. ఎగుమతి ఇన్‌వాయిస్‌లు మెయిల్‌లో తిరిగే ఫ్యాక్టరీకి తప్పనిసరి అంటాను.

లాక్ పడిందో లేదో రిజిస్ట్రార్ పంపిన మెయిల్‌ని బట్టి నమ్మొద్దు. lookup.icann.org లో ఈ మూడూ కనిపించాలి. పదాల మధ్య ఖాళీలతో రాసి ఉన్నా అర్థం ఒకటే.

```
serverDeleteProhibited
serverTransferProhibited
serverUpdateProhibited
```

మొదట్లో server అని ఉండటమే ముఖ్యం. అన్నీ client అనే ఉంటే రిజిస్ట్రీ లాక్ ఇంకా పడలేదు.

ఇది ఆపలేనిది

ఈ లాక్ బదిలీని, తొలగింపును, డొమైన్ రికార్డులు ఉండే నేమ్‌సర్వర్ల మార్పును ఆపుతుంది. MX రికార్డు ఉండేది రిజిస్ట్రీలో కాదు, నేమ్‌సర్వర్ల లోపల. రిజిస్ట్రార్ ఖాతాలోనే ఈ రికార్డులు, అంటే డీఎన్ఎస్, నడుపుతుంటే, ఖాతాలోకి వచ్చినవాడు రిజిస్ట్రీ లాక్ ఉన్నా MX మార్చగలడు. పైన చెప్పిన ఇన్‌వాయిస్ మోసాన్ని ఆపేది రెండంచెల లాగినే. డీఎన్ఎస్ వేరే సంస్థ దగ్గర ఉంటే ఆ ఖాతాకీ పెట్టాలి.

లాక్ ఉన్నా రెన్యూవల్ మామూలుగానే జరుగుతుంది. నేమ్‌సర్వర్లు మార్చాలంటే మాత్రం ముందు అన్‌లాక్ అడగాలి. రిజిస్ట్రార్ నమోదైన నంబరుకు ఫోన్ చేసి రహస్య వాక్యం సరిచూసుకుని, ఆపైన వెరిసైన్‌కి చెబుతుంది. అదే గంటలో అయ్యే పని కాదు కాబట్టి హోస్టింగ్ మార్పులు సీజన్ ముగిశాక పెట్టుకోండి.

అయినా డొమైన్ చేజారితే ముందు కొనుగోలుదారులకు ఫోన్ చేసి డబ్బు పంపొద్దని చెప్పండి. తర్వాత రిజిస్ట్రార్‌కి చెప్పి, వేరే రిజిస్ట్రార్‌కి బదిలీ అయిపోయి ఉంటే TEAC ద్వారా అడగమనండి. అది రిజిస్ట్రార్ల మధ్య ఉండే అత్యవసర మార్గం, అవతలివాళ్లు 4 గంటల్లో జవాబు ఇవ్వాలి. డబ్బు వెళ్లిపోయి ఉంటే బ్యాంకుకి చెప్పి, 1930 కి ఫోన్ చేసి cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయండి.