ఏడాది సబ్‌స్క్రిప్షన్‌ని నెలనెలా ఆదాయంగా ఎలా చూపించామంటే

హన్మకొండలో మాది చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. ఎనుమాముల వైపు ఒక జిన్నింగ్ మిల్లుకు ఏడాది సబ్‌స్క్రిప్షన్ ఇచ్చి 2025 జనవరి 1న బిల్లు వేశాం: 1,20,000, పైన 18 శాతం జీఎస్టీ 21,600. ట్యాలీలో 1,20,000 మొత్తం జనవరి అమ్మకాల్లోకే పోయింది, ఫిబ్రవరి చూస్తే బోసిగా ఉంది, లాభమో నష్టమో మా సార్‌కి అంతుపట్టలేదు.

బిల్లును మాత్రం ముట్టుకోలేదు, ఎందుకంటే అమ్మకాల రిటర్న్ అయిన జీఎస్టీఆర్-1లో అది అలాగే ఉండాలి. కరెంట్ లయబిలిటీస్ కింద, బిల్లు వేసినా ఇంకా సర్వీసు ఇవ్వని నెలల మొత్తాన్ని చూపే డిఫర్డ్ రెవెన్యూ లెడ్జర్ తెరిచి, అమ్మకాల గ్రూపులోనే జీఎస్టీ వర్తించని ఇంకో సర్దుబాటు లెడ్జర్ పెట్టి, జర్నల్‌లో సర్దుబాటుకు 1,20,000 డెబిట్, డిఫర్డ్‌కు క్రెడిట్ కొట్టాను. ఇక నెలాఖరున డిఫర్డ్‌కు 10,000 డెబిట్, సర్దుబాటుకు క్రెడిట్.

21,600 మన ఆదాయమే కాదు, అది జనవరి రిటర్న్‌లోనే మొత్తం కట్టేయాలి, పన్నెండు ముక్కలు చేయడం కుదరదు. కొందరు 1,41,600ని పన్నెండుతో భాగిస్తారు, అక్కడే లెక్క చెడుతుంది.

మార్చి 31న డిఫర్డ్‌లో 90,000 ఉండాలి, అంటే మిగిలిన తొమ్మిది నెలలది. తేడా వస్తే ఏదో నెల ఎంట్రీ తప్పిపోయినట్టే. సర్వీసు నెల మధ్యలో మొదలైతే మాత్రం రోజుల లెక్కన పంచండి.