హోటల్ వంటగదిలో, లాండ్రీలో కరెంటు, నీళ్ల ఆదా (పాఠం 3): బకెట్, వాచీ, తూకం

గత పాఠంలో మీటర్లు చదివి, నెల బిల్లును విభాగాల వారీగా విడదీయడం చూశాం. ఈసారి ఒకే హోటల్ తీసుకుని నాలుగు మార్పులకు పేబ్యాక్ లెక్క కడదాం. పెట్టిన డబ్బు ఎన్నాళ్లకు వెనక్కి వస్తుందో చెప్పే లెక్కే పేబ్యాక్. సూత్రం చిన్నది. ఖర్చును రోజు ఆదాతో భాగిస్తే రోజులు వస్తాయి. చిక్కంతా ఆ ‘రోజు ఆదా’ అన్న అంకెలోనే ఉంది. పరికరం అమ్మేవాడు దాన్ని పెంచి చూపిస్తాడు. మనం దాన్ని తగ్గించి వేసుకోవాలి.

లెక్క కోసం విజయవాడలో 60 గదుల హోటల్ అనుకుందాం. కింద రెస్టారెంటు, వెనక సొంత లాండ్రీ ఉన్నాయి. రోజుకు 200 కిలోల బట్ట ఉతుకుతారు, అందులో 90 కిలోలు టవళ్లే. కరెంటు యూనిట్ రూ.10. బోరు, మున్సిపల్ నీళ్లు, మోటారు ఖర్చు, మురుగు శుద్ధి అన్నీ కలిపి వెయ్యి లీటర్లకు రూ.60. నీళ్లు 28 డిగ్రీల దగ్గర వస్తాయి. ఇవన్నీ పాఠం కోసం వేసుకున్న అంకెలు. మీ దగ్గర చేసేటప్పుడు మీ బిల్లుల్లోని ధరలు పెట్టుకోండి.

గిన్నెలు కడిగే సింకు

వంటగదిలో నీళ్లు ఎక్కువగా పోయేది ఇక్కడే. ప్లేట్లు డిష్‌వాషర్‌లోకి వెళ్లే ముందు, పెద్ద గిన్నెలు తోమాక, కుళాయి తిప్పి వదిలేస్తారు. ఎంత పోతోందో తెలుసుకోవడానికి 15 లీటర్ల బకెట్, ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. కుర్రాళ్లు మామూలుగా ఎంత తిప్పుతారో అంతే తిప్పాలి. మీరు చూస్తున్నారని సగమే తిప్పితే కొలత పనికిరాదు. మన హోటల్లో బకెట్ 75 సెకన్లలో నిండింది. అంటే నిమిషానికి 12 లీటర్లు.

తర్వాత కుళాయి నిజంగా తెరిచి ఉన్న సమయం చూడాలి. షిఫ్టు ఎన్ని గంటలన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. టిఫిన్, భోజనం, రాత్రి భోజనం రద్దీల్లో అరగంట చొప్పున నిలబడి చూసి లెక్క వేస్తే రోజుకు 3 గంటలు తేలిందనుకుందాం. 180 నిమిషాలకు 2,160 లీటర్లు.

దీని బదులు చేత్తో నొక్కితేనే నీళ్లు వచ్చే స్ప్రే గన్ పెడదాం. అది నిమిషానికి 6 లీటర్లు వదులుతుంది. ఆదా సగం అనిపిస్తుంది గానీ, ధార సన్నబడితే అదే ప్లేటుకు కాస్త ఎక్కువసేపు పడుతుంది. అందుకని సమయాన్ని 20 శాతం పెంచి 216 నిమిషాలు వేద్దాం. అప్పుడు 1,296 లీటర్లు అవుతాయి, మిగిలేది సుమారు 850 లీటర్లు. గన్ వదలగానే నీళ్లు ఆగుతాయి కాబట్టి నిజంగా ఇంకా మిగలవచ్చు, కానీ ఆ లాభాన్ని ఇప్పుడే లెక్కలో వేసుకోవద్దు.

ఆ సింకులో నీళ్లు వేడి, చన్నీళ్లు కలిసి 42 డిగ్రీలతో వస్తున్నాయి, అంటే 14 డిగ్రీలు పెరుగుదల. ఒక లీటరును ఒక డిగ్రీ వేడి చేయడానికి ఒక కిలో కేలరీ కావాలి, 860 కిలో కేలరీలు ఒక యూనిట్ కరెంటు. 850ని 14తో గుణించి 860తో భాగిస్తే దాదాపు 14 యూనిట్లు. గీజర్‌లో, పైపుల్లో పోయే వేడి కూడా కలిపి 15 అనుకుందాం. కరెంటులో రూ.150, నీళ్లలో రూ.51, మొత్తం రోజుకు రూ.200. హోస్, స్ప్రింగ్, బిగింపు కలిపి రూ.12,000 అయితే 60 రోజుల్లో డబ్బు వెనక్కి వస్తుంది.

అదే హోటల్ మేడ మీద సోలార్ వేడినీళ్లు ఉంటే? అప్పుడు కరెంటు ఆదా దాదాపు ఉండదు, నీళ్ల రూ.51 మాత్రమే మిగులుతుంది. 60 రోజులు 235 రోజులవుతాయి. ఇప్పటికీ మంచి పనే, కానీ లెక్క వేరు.

ఇది చెడేది రెండు రకాలుగా. బోరు నీళ్లలోని సున్నం స్ప్రే రంధ్రాల్లో పేరుకుని ధార బలహీనమవుతుంది. దాంతో పని సాగక ఎవరో ఒకరు గన్ మీటను రబ్బరు బ్యాండుతో కట్టేస్తారు, లేదా గన్ తీసేసి వట్టి హోస్‌తో కడుగుతారు. తప్పు వాళ్లది కాదు, రద్దీలో ప్లేట్లు కదలాలి కదా. వారానికోసారి నాజిల్ విప్పి వెనిగర్‌లో నానబెట్టే పని ఒకరికి అప్పగించండి. నెలకోసారి బకెట్ పరీక్ష చేయండి. 15 లీటర్లు నిండడానికి 150 సెకన్లు పట్టాలి. అంతకంటే బాగా ఎక్కువ పడితే సున్నం, బాగా తక్కువ పడితే నాజిల్ మాయమైందని అర్థం.

లాండ్రీ: ముందు మెషిన్ నింపడం

మన హోటల్లో వాషింగ్ మెషిన్ 30 కిలోలది. ఒక లోడుకు ప్రీవాష్ 80 లీటర్లు, 60 డిగ్రీల మెయిన్ వాష్ 80, రెండు రిన్సులు 120 చొప్పున, మొత్తం 400 లీటర్లు. నీటి మట్టం ప్రోగ్రాములో స్థిరంగా ఉంటుంది కాబట్టి లోపల 20 కిలోలు వేసినా 25 వేసినా అంతే తాగుతుంది. ఆపరేటర్లు కంటి అంచనాతో 20 కిలోలు వేస్తున్నారు. రోజుకు 10 లోడ్లు, 4,000 లీటర్లు.

మెషిన్ పక్కన ఒక తూకం పెట్టి 25 కిలోల చొప్పున వేస్తే 8 లోడ్లు చాలు. 800 లీటర్ల నీళ్లకు రూ.48. రెండు మెయిన్ వాష్‌లలో 160 లీటర్లను 28 నుంచి 60 డిగ్రీలకు తేవాల్సిన అవసరం తప్పింది కాబట్టి సుమారు ఆరు యూనిట్లు, పోయే వేడి కూడా కలిపి ఆరున్నర అనుకుంటే రూ.65. రోజుకు రూ.113, నెలకు రూ.3,400 దాకా. సబ్బు పొడి ఆదా వేరే. ఖర్చు తూకానిదే.

30 కిలోల మెషిన్‌లో 30 ఎందుకు వేయకూడదు? డ్రమ్ములో బట్ట ఎత్తి పడేందుకు ఖాళీ కావాలి. కిక్కిరిస్తే మధ్యలో ఉన్న దుప్పట్ల మరకలు అలాగే మిగులుతాయి, మళ్లీ ఉతకాలి. తిరిగి ఉతుకుకు వచ్చే బట్ట పెరిగిందంటే లోడు ఎక్కువైందేమో ముందు చూడండి. వంటగది నూనె గుడ్డలను మాత్రం లోడు నింపడానికని టవళ్లలో కలపకండి. అవి సగం లోడయినా విడిగానే వెళ్లాలి.

హైడ్రోలో ఇంకో నాలుగు నిమిషాలు

ఈ లాండ్రీలో పిండడానికి విడిగా 15 కిలోల హైడ్రో ఎక్స్‌ట్రాక్టర్ ఉంది. తొందరలో మూడు నిమిషాలు తిప్పి టవళ్లను డ్రయ్యర్‌లో వేసేస్తున్నారు. నా దృష్టిలో ఈ పాఠం మొత్తంలో అన్నిటికంటే విలువైన కొలత ఇదే.

పొడి టవళ్లు 5 కిలోలు తూచి గుర్తు పెట్టండి. ఉతికి, మూడు నిమిషాలు హైడ్రో తిప్పాక మళ్లీ తూచితే 9 కిలోలు వచ్చాయనుకుందాం. 4 కిలోలు నీళ్లు, అంటే బట్ట బరువులో 80 శాతం. ఏడు నిమిషాలు తిప్పితే 7.75 కిలోలు, నీళ్లు 55 శాతం. ఆ తేడా 25 శాతాన్ని ఇప్పుడు డ్రయ్యర్ ఆవిరి చేస్తోంది. కిలో నీళ్లను డ్రయ్యర్‌లో పోగొట్టడానికి నష్టాలతో కలిపి సుమారు 1.2 యూనిట్లు వేసుకోవచ్చు. హైడ్రో అదే నీటిని బయటికి విసిరేస్తుంది, ఆవిరి చేయదు కాబట్టి దాని ఖర్చు నామమాత్రం.

90 కిలోల టవళ్లలో 25 శాతం అంటే 22.5 కిలోల నీళ్లు, 27 యూనిట్లు. హైడ్రో మోటారు 3 కిలోవాట్లు. ఆరు లోడ్లకు నాలుగేసి నిమిషాలు అదనంగా తిరిగితే 1.2 యూనిట్లు. మిగిలేది దాదాపు 26 యూనిట్లు, రోజుకు రూ.260, నెలకు రూ.7,800. పెట్టుబడి లేదు కాబట్టి పేబ్యాక్ కట్టే పనే లేదు.

ఇక్కడ దుప్పట్లను లెక్కలో కలపలేదు. పాలిస్టర్ కలిసిన దుప్పట్లను ఎక్కువసేపు పిండితే ముడతలు గట్టిపడి ఇస్త్రీ దగ్గర పని పెరుగుతుంది. ఇంకో షరతు కూడా ఉంది. టవళ్లు తక్కువ తడితో వచ్చాక డ్రయ్యర్ టైమర్ తగ్గించాలి. పాత 45 నిమిషాల మీదే వదిలేస్తే ఆరిపోయిన టవళ్లను వేడి చేస్తూ కూర్చుంటుంది, ఆదా కాగితం మీదే ఉంటుంది. టవల్ గరుకుగా, కాగితంలా వస్తుంటే అతిగా ఆరుతోందన్నమాట.

ఆఖరి రిన్సు నీళ్లను మళ్లీ వాడటం

ఇక కొనుగోలు ప్రతిపాదన. ఆఖరి రిన్సు నీళ్లను ట్యాంకులో పట్టి, వడగట్టి, తర్వాతి లోడు ప్రీవాష్‌కు పంపే ఏర్పాటుకు రూ.90,000 కొటేషన్ వచ్చిందనుకుందాం. అందులో లోడుకు 120 లీటర్ల ఆదా, పది లోడ్లు అని ఉంది. రెండూ తప్పే. పట్టేది 120 అయినా ప్రీవాష్ తాగేది 80. మిగతాది కాలువలోకే. పైగా తూకం పెట్టాక మన లోడ్లు 8. కాబట్టి 640 లీటర్లు, రోజుకు రూ.38, ఏడాదికి సుమారు రూ.14,000. పేబ్యాక్ ఆరేళ్లు దాటింది. పంపు కరెంటు, ఫిల్టర్ శుభ్రం, రిపేర్లకు ఏడాదికి రూ.6,000 తీస్తే మిగిలేది రూ.8,000. అప్పుడు పదకొండేళ్లు. అంతకాలం ఆ పంపే ఉండదు.

ఇందుకే మార్పులను వరసలో పెట్టి లెక్క కట్టాలి. ముందు చేసిన పని తర్వాతి పనికి దొరికే ఆదాను తినేస్తుంది. నాలుగింటినీ విడివిడిగా లెక్కించి కూడితే ఉన్న నీళ్లనే రెండుసార్లు మిగిల్చినట్టు చూపిస్తుంది.

అయితే ఏడాది పొడవునా ట్యాంకర్ల మీద ఆధారపడి, వెయ్యి లీటర్లకు రూ.150 కట్టే హోటల్ అనుకోండి. రోజుకు రూ.96, ఏడాదికి రూ.35,000. ఖర్చులు పోను రూ.29,000. మూడేళ్ల పైచిలుకులో డబ్బు వచ్చేస్తుంది, ఆలోచించవచ్చు. పెడితే మాత్రం రాత్రికి ట్యాంకు ఖాళీ చేయాలి. ఆ నీళ్లలో సాఫ్ట్‌నర్, దారపు నూగు ఉంటాయి. ఒక రాత్రి నిలిస్తే వాసన పడుతుంది, ఆ వాసన పొద్దున మొదటి లోడుకు ఎక్కుతుంది. రంగు బట్టల లోడు నీళ్లను ట్యాంకులోకి పంపకూడదు.

అభ్యాసం

ఒక హోటల్లో రోజుకు 60 కిలోల టవళ్లు ఉతుకుతారు. పొడిగా 6 కిలోలున్న టవళ్లు ఇప్పుడు హైడ్రో నుంచి 10.2 కిలోలతో వస్తున్నాయి. అయిదు నిమిషాలు ఎక్కువ తిప్పితే 9 కిలోలతో వస్తాయి. యూనిట్ రూ.9. హైడ్రో మోటారు 3 కిలోవాట్లు, రోజుకు నాలుగు లోడ్లు. ఏడాదిలో ఎనిమిది నెలలు టవళ్లను మేడ మీద ఎండలో ఆరేస్తారు, మిగతా నాలుగు నెలలే డ్రయ్యర్. ఏడాదికి ఎంత మిగులుతుందో కట్టండి. జవాబు వచ్చే పాఠం మొదట్లో, ఆ తర్వాత గ్యాస్ పొయ్యిల లెక్క.