పై చార్ట్ చదవడం, మూడో పాఠం: మొత్తం 103 వచ్చింది, తప్పు ఏ ముక్కలో ఉంది?

పోయిన పాఠంలో, వృత్తాన్ని ముక్కలుగా పంచి వాటాలు చూపే పై చార్ట్ స్క్రీన్‌షాట్ చేతికి రాగానే లేబుళ్ల మీది శాతాలన్నీ కూడి చూడడం నేర్చుకున్నాం. ఆ పని చేయగానే వచ్చే ప్రశ్నతో ఈ పాఠం మొదలవుతుంది. మొత్తం 100 రాకపోతే ఏమనుకోవాలి? చార్ట్ తప్పని అప్పుడే తేల్చేయకూడదు, సర్దుకుపోయి వదిలేయనూ కూడదు. ఎంత తేడా సహజమో, ఎక్కడి నుంచి అది తప్పవుతుందో లెక్క కట్టవచ్చు. తప్పని తేలితే అది ఏ ముక్కలో ఉందో బొమ్మ నుంచే పట్టుకోవచ్చు.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా దాంతోనే నడుద్దాం. ఇది పాఠం కోసం నేను తయారుచేసింది. ఫోన్‌ను ఎక్కువగా దేనికి వాడతారని అడిగి, ఒక్కొక్కరూ ఒకే జవాబు ఎంచుకున్నాక గీసిన చార్ట్ అనుకోండి. గడియారంలో 12 ఉండే చోట మొదలై, ముల్లు తిరిగే వైపుగా లేబుళ్లు ఇలా ఉన్నాయి: మెసేజ్‌లు 34%, వీడియోలు 27%, కాల్స్ 18%, గేమ్స్ 15%, ఇతరాలు 9%. కూడితే 103.

ముందు రౌండింగ్ సంగతి తేల్చాలి. 12.6ను 13 అని రాసినప్పుడు 0.4 ఎక్కువ రాసినట్టు. పూర్ణాంకానికి సవరించినప్పుడు ఒక్కో లేబుల్‌లో వచ్చే తేడా ఎంత ఎక్కువైనా 0.5 దాటదు. అయిదు ముక్కలుంటే అన్నీ ఒకే వైపుకు జరిగినా మొత్తం తేడా 2.5 దాటదు. లేబుళ్లు పూర్ణాంకాలు కాబట్టి మొత్తం 98 నుంచి 102 దాకా ఎంతైనా రావచ్చు. నమ్మకం కలగకపోతే ఈ అయిదు అంకెలు కూడి చూడండి: 12.6, 27.6, 18.6, 33.6, 7.6. సరిగ్గా 100 వస్తుంది. ఇప్పుడు ఒక్కోదాన్ని సవరించి 13, 28, 19, 34, 8 అని రాసి కూడండి. 102 వస్తుంది. ఎక్కడా తప్పు లేదు.

ఈ హద్దు తెలియని రోజుల్లో నేను 101 వచ్చిన ఒక చార్ట్‌ను తప్పుల తడక అని నలుగురి ముందు అన్నాను. దాన్ని గీసినామె అసలు అంకెలు తెరిచి చూపించింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆమె కష్టాన్ని అన్యాయంగా తక్కువ చేశానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే ముందు హద్దు కట్టండి, తర్వాతే మాట అనండి. ముక్కల సంఖ్యను 0.5తో గుణిస్తే ఆ హద్దు వస్తుంది. లేబుళ్లలో దశాంశం తర్వాత ఒక అంకె ఉంటే 0.05తో గుణించాలి. అప్పుడు అయిదు ముక్కలకు హద్దు 0.25 మాత్రమే. హద్దు లోపల ఉన్నంత మాత్రాన చార్ట్ సరైనదని రుజువైనట్టు కాదు, రౌండింగ్ వల్ల అలా జరిగే వీలుందని మాత్రమే.

మన చార్ట్‌లో మొత్తం 103, హద్దు 102. కాబట్టి ఇది రౌండింగ్ పని కాదు.

ఇక్కడ చాలామంది బొమ్మ వైపు చూసి తికమకపడతారు. వృత్తం నిండుగానే ఉంది కదా, ఎక్కడా ఖాళీ లేదు, ముక్క మీద ముక్క ఎక్కలేదు, మరి 103 ఎలా పట్టింది అని. పట్టలేదు. చార్ట్ గీసే ప్రోగ్రాములు సాధారణంగా మీరిచ్చిన అంకెలన్నీ కూడి, ఒక్కోదాన్ని ఆ మొత్తంతో భాగించి, వచ్చిన వాటా ప్రకారం 360 డిగ్రీలు పంచుతాయి. మీరు 103 ఇచ్చినా, 193 ఇచ్చినా వృత్తం నిండుగానే వస్తుంది. 193 అని ఊరికే అనలేదు. 2009లో అమెరికాలో ఒక టీవీ స్టేషన్ ముగ్గురు రాజకీయ నాయకులకున్న మద్దతును పై చార్ట్‌లో చూపించింది. లేబుళ్లు 70, 63, 60. ముగ్గురిలో ఒక్కరినే ఎంచుకోమన్న ప్రశ్నైతే అలాంటి అంకెలు రావు. ఒకే మనిషి ఇద్దరికీ ముగ్గురికీ అవునని చెప్పగల ప్రశ్నకు పై చార్ట్ అసలు పనికిరాదు, ఎందుకంటే పంచడానికి అక్కడ ఒక మొత్తమంటూ లేదు. అందుకే మన ఉదాహరణలో ఒక్కొక్కరిదీ ఒకే జవాబు అని ముందే చెప్పాను. అది తెలియకుండా ముందుకు వెళ్లకండి.

కాబట్టి వృత్తం నిండుగా ఉండడం దేనికీ సాక్ష్యం కాదు. సాక్ష్యం చెప్పేది ముక్కల కోణాలు. 1% అంటే 3.6 డిగ్రీలు. లేబుల్ చెప్పే కోణం, బొమ్మలో ఉన్న కోణం ఒకటేనా అన్నదే ఇప్పుడు చూడాల్సింది.

స్క్రీన్‌షాట్‌ను పెయింట్‌లో తెరవండి. కర్సర్ ఎక్కడుందో కింది పట్టీలో రెండు అంకెలుగా కనిపిస్తుంది. మొదటిది ఎడమ అంచు నుంచి దూరం, రెండోది పై అంచు నుంచి దూరం, రెండూ పిక్సెళ్లలో. ముందు వృత్తం నాలుగు కొసలూ చూడండి. మన చార్ట్‌లో ఎడమ కొస 100 దగ్గర, కుడి కొస 500 దగ్గర, పై కొస 60 దగ్గర, కింది కొస 460 దగ్గర ఉన్నాయి. వెడల్పు 400, ఎత్తు 400. రెండూ సమానం కాబట్టి బొమ్మ సాగలేదు. ఎత్తు 360 అని వచ్చి ఉంటే ఎవరో బొమ్మను నొక్కేశారని అర్థం. అప్పుడు కోణాలు అబద్ధం చెబుతాయి. బొమ్మ సైజు మార్చి రెండూ సమానం చేశాకే కొలవాలి. వాలుగా, మందంగా కనిపించే త్రీడీ చార్ట్‌కు ఈ పద్ధతి నేరుగా పనిచేయదు, ముందువైపు ముక్కలు పెద్దవిగా కనిపిస్తాయి. దాని సంగతి వచ్చే పాఠంలో.

కొసల సగటే కేంద్రం: 300, 260. తర్వాత రెండేసి ముక్కలు కలిసే గీత వృత్తం అంచును తాకే చోట కర్సర్ పెట్టి అంకెలు రాసుకోండి. కేంద్రానికి దగ్గరగా కొలవకండి. అంచు దగ్గర రెండు పిక్సెళ్లు అటూ ఇటూ అయినా కోణంలో అర డిగ్రీ కంటే కాస్త ఎక్కువే తేడా వస్తుంది. కేంద్రం దగ్గర అదే రెండు పిక్సెళ్లకు కొలత మొత్తం చెడిపోతుంది. నాకు వచ్చినవి ఇవి: మొదలు 300, 60. మెసేజ్‌ల చివర 469, 367. వీడియోల చివర 173, 414. కాల్స్ చివర 106, 210. గేమ్స్ చివర 193, 91.

ఎక్సెల్‌లో గానీ గూగుల్ షీట్స్‌లో గానీ కేంద్రాన్ని B1, C1 గడుల్లో, మిగతా బిందువుల్ని వాటి కింద వరుసగా రాసి, D2లో ఈ సూత్రం పెట్టి కిందికి లాగండి.

```
=MOD(DEGREES(ATAN2(B2-B$1, C2-C$1))+90, 360)
```

12 గంటల చోటు నుంచి ముల్లు తిరిగే వైపుగా ఆ గీత ఎన్ని డిగ్రీల్లో ఉందో ఇది చెబుతుంది. స్క్రీన్ మీద రెండో అంకె కిందికి వెళ్లేకొద్దీ పెరుగుతుంది కాబట్టి దిశ సరిగ్గా గడియారం దిశే అవుతుంది. ఇదే లెక్క పైథాన్‌లో చేసేవాళ్లు ఒక్కటి గమనించాలి. అక్కడ atan2కి నిలువు దూరం ముందు ఇవ్వాలి, అడ్డం దూరం తర్వాత.

మన బిందువులకు సుమారుగా 0, 122.3, 219.5, 284.4, 327.7 వస్తాయి. పక్కపక్క వాటి తేడాలు తీసి 3.6తో భాగిస్తే మెసేజ్‌లు 34%, వీడియోలు 27%, కాల్స్ 18%. మూడూ లేబుళ్లతో కుదిరాయి. గేమ్స్ ముక్క కోణం 43.2 డిగ్రీలు, అంటే 12%. లేబుల్ మాత్రం 15 అంటోంది. 15% అయితే కోణం 54 డిగ్రీలు ఉండాలి. దాదాపు 11 డిగ్రీల తేడా. చెయ్యి వణికి కర్సర్ జరిగినా అంత తేడా రాదు. చివరి ముక్క 360 దాకా 32.3 డిగ్రీలు, 9%. అదీ కుదిరింది.

ఇదే 103కు ఇంకో కారణం ఉండవచ్చు, దాని ఆనవాలు వేరేగా ఉంటుంది. 15 అన్న తప్పు అంకె డేటాలోనే ఉండి, ప్రోగ్రాం 103ను పంచి గీసి ఉంటే, ఒక్క ముక్క కాదు, అన్ని ముక్కలూ తమ లేబుల్ కంటే అదే నిష్పత్తిలో కొంచెం చిన్నవవుతాయి. మెసేజ్‌లు 34 బదులు 33 వస్తుంది, గేమ్స్ 15 బదులు 14.6 వస్తుంది. ఈ తేడా పెద్ద ముక్కలో బాగా తెలుస్తుంది కాబట్టి ముందు దాన్నే చూడండి. మన చార్ట్‌లో పెద్ద ముక్క సరిగ్గా 34కే ఉంది. అంటే బొమ్మ గీసినప్పుడు అంకె సరిగ్గానే ఉంది, లేబుల్‌ను తర్వాత ఎవరో చేత్తో రాసినప్పుడో దిద్దినప్పుడో పొరపాటు జరిగింది. మిగతా నాలుగు లేబుళ్లు కూడితే 88, మిగిలేది 12. కోణం చెప్పిందీ 12. రెండు వేర్వేరు దారుల్లో ఒకే అంకె వచ్చింది కాబట్టి, చార్ట్ పంపినవాళ్లకు 'ఎక్కడో తప్పుంది' అని కాకుండా 'గేమ్స్ లేబుల్ 12 కావాలేమో, అసలు డేటా ఒకసారి చూడండి' అని రాయగలం. చూడమని అడగడం మాత్రం మానకండి. 11.8 అయినా 12.2 అయినా ఈ కొలత వాటిని విడదీసి చెప్పలేదు.

అభ్యాసం. వచ్చే పాఠంలోపు చేయండి. కేంద్రం 300, 300. మొదటి గీత 300, 140 దగ్గర. తర్వాతి గీతలు వరుసగా 455, 340, తర్వాత 151, 359, తర్వాత 198, 177. ముక్కల మీద లేబుళ్లు అదే వరుసలో 40%, 29%, 20%, 11%. కూడితే సరిగ్గా 100 వస్తుంది. అయినా రెండు లేబుళ్లు తప్పు. ఏవి, ఎలా తప్పాయో కోణాలు కట్టి రాసుకోండి.